మీ గుట్టు మా డబ్బాలో

కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాల యజమానులకు నాదొక చిన్న ఉపకారం. డబ్బులేమీ వద్దు, పండక్కి పాయసంలోకి గుప్పెడు గుండ్లు పంపితే చాలు. కేంద్ర ప్రభుత్వం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో గెజిట్‌కెక్కాయి. అప్పట్నించీ పనిచేసే వాళ్ల దగ్గర ఏ వివరాలు తీసుకుంటాం, ఎందుకు తీసుకుంటాం, ఎన్నాళ్లు దాచుకుంటాం అని చెప్పే ప్రకటనలు పెద్ద కంపెనీలు పేజీలకు పేజీలు రాయించుకుంటున్నాయి. మన పలాస షావుకారుకి ఆ ఖర్చెందుకు? నేనే రాసిపెట్టాను. గేటు దగ్గర ‘పొగ తాగరాదు’ బోర్డు కింద అంటించుకోవచ్చు.

‘కార్మిక సోదరీమణులకు తెలియజేయునది ఏమనగా: మీ పేరు, ఊరు, పెనిమిటి పేరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోను నంబరు, వేలిముద్ర, ముఖం, మీరు గేటు దాటి లోపలికొచ్చిన నిమిషం, బయటికెళ్లిన నిమిషం, మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన సమయం, వీలైతే మీ రక్తపరీక్ష రిపోర్టు మేము తీసుకుంటాము. ఎందుకు? అవసరం గనుక. ఎన్నాళ్లుంచుకుంటాము? అవసరం ఉన్నన్నాళ్లు. ఎవరి అవసరం? అది వ్యాపార రహస్యం. ఇట్లు, యాజమాన్యం.’

మరీ ఇంత పచ్చిగానా అని యజమానులు కంగారు పడనక్కర్లేదు. ఈమాత్రం ప్రకటన కూడా వాళ్లు అంటించి తీరాలని చట్టంలో లేదు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

ఎవరి దగ్గరైనా అనుమతి అడిగితే, ఆ అడగడంతో పాటు నోటీసు ఇవ్వాలని ఐదో సెక్షన్ అంటుంది. ఏ వివరం తీసుకుంటున్నారో, దేనికో, మీ హక్కులు ఎలా వాడుకోవాలో, ఈ చట్టం కింద ఏర్పడే బోర్డుకు ఎలా ఫిర్యాదు చేయాలో అందులో ఉండాలి. ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలి. తెలుగు ఉంది. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒడియా ఉంది. మందస కొండ దిగి పనికొచ్చే సవర ఆడమనిషికి మాత్రం ఆ షెడ్యూలులో సవర లేదు. పోనీలెండి, ఆవిడ ఇంగ్లీషులో చదువుకుంటుంది.

ఆహా అనుకునేలోపు ఏడో సెక్షన్ ఎదురొస్తుంది. ఉద్యోగానికి సంబంధించిన పనులకు, యజమానిని నష్టం నుంచో బాధ్యత నుంచో కాపాడే పనులకు వాడుకునే వివరాలకు అనుమతే అక్కర్లేదు. అనుమతి అడగని చోట నోటీసూ లేదు. అక్కడితో ఆగలేదు. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించండి అనే హక్కు పదకొండో సెక్షన్‌లో ఉంది. తప్పుంటే దిద్దండి, పనైపోతే చెరిపేయండి అనే హక్కు పన్నెండో సెక్షన్‌లో ఉంది. ఆ రెండూ అనుమతి ఇచ్చినవాళ్లకూ, తమంతట తాముగా వివరాలు అప్పజెప్పినవాళ్లకూ మాత్రమే. మిమ్మల్ని ఎవరూ అడగలేదు గనక మీరు అనుమతి ఇవ్వలేదు. మీరు ఇవ్వలేదు గనక ఇప్పుడు మీరేమీ అడగలేరు. పిక్క పగలకుండానే పప్పు బయటికి తీసిన ఆ ఢిల్లీ పనివాణ్ని మన షెడ్డులో పెట్టుకోవాలి.

యజమానిని దేన్నుంచి కాపాడాలో చట్టం ఉదాహరణలు కూడా ఇచ్చింది: కార్పొరేట్ గూఢచర్యం, వాణిజ్య రహస్యాలు బయటపడటం. కాశీబుగ్గలో గూఢచర్యమంటే ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. పిక్కలు ఎంతసేపు ఆవిరి పెడతారో, బోర్మాలో ఎంతసేపు ఎండబెడతారో ఇండస్ట్రియల్ ఏరియాలో టీ కొట్టు కుర్రాడు కూడా చెబుతాడు. ఇక్కడి యజమాని భయమల్లా పెద్ద గుండు రకం, అదే డబ్ల్యూ-180, గుప్పెడు ఎవరి కొంగులోనైనా వెళ్లిపోతుందేమోనని. ఆ గుప్పెడు పప్పు కోసం గూఢచారులకు రాసిన సెక్షన్‌ను జీడి ఒలిచే ఆడవాళ్లకు తొడిగారు.

ఇదైనా ఇప్పుడే అమల్లో ఉందనుకునేరు. నోటీసు, అనుమతి, హక్కులు, యజమాని బాధ్యతలు, జరిమానాలు అన్నింటికీ గెజిట్ తేదీ నుంచి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. ఆగకుండా ఆ రోజే అమల్లోకొచ్చిన వాటిలో ఒకటుంది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కుదించి, వ్యక్తిగత సమాచారమైతే చాలు ఇవ్వనక్కర్లేదని చేసిన మార్పు. అంటే ఆఫీసరు గుట్టుకు ఆ రోజే తాళం పడింది, జీడి కూలి గుట్టుకు తాళం ఏడాదిన్నర తర్వాత తెస్తామన్నారు.

సరే, లోపలికి పోదాం. గుమస్తా బల్ల దగ్గర ఏడాదికోసారైనా ఈ మాటలు వినబడతాయి.

‘బాబూ, ఆధార్ జెరాక్సు మొన్న ఇచ్చినాను కదా, మళ్లీ ఏటి?’

‘అది పాత ఫైలుకప్పా, ఇది కొత్త ఫైలుకి.’

‘పాతదేటైపోనాది?’

‘ఉంటాదిలే ఎక్కడో.’

ఆధార్ అడగడం తప్పని నేననను. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబరు పుట్టాలంటే ఆధార్ కావాలి. ఫారం 11లో తండ్రి పేరో భర్త పేరో, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా రాయాలి. నామినీ ఫారంలో పిల్లల వివరాలు రాయాలి. అవన్నీ చేరితేనే రేపు ఆవిడ డబ్బు ఆవిడకు వస్తుంది. కానీ నంబరు పోర్టల్‌లో ఎక్కిన మరుక్షణం ఆ జెరాక్సు కాగితానికి పని తీరిపోయింది. చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ కూడా ఉంది. ఫైలులో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి అది చాలు. అది అడిగే గుమస్తాను చూస్తే దండ వేయాలి.

పని తీరిన కాగితాలన్నీ వాడేసిన పప్పు టిన్నులో చేరతాయి. ఎగుమతి పప్పు నింపే టిన్ను ఉంది చూశారూ, 25 పౌండ్లు, అంటే 11.34 కిలోలు పడుతుంది. పప్పుకు పురుగు పట్టకుండా, మెత్తబడకుండా లోపలి గాలి తీసేసి కార్బన్ డయాక్సైడ్ నింపి సీలు వేస్తారు. ఆ టిన్నులోనే పడి ఉన్న నూటయాభై మంది ఆడవాళ్ల ఆధార్లకు మూత కూడా ఉండదు.

ఇక్కడ చట్టంలో ఇంకో చమత్కారం. దానికి పట్టేది డిజిటల్ సమాచారమే, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్ చేసినది. టిన్నులో కాగితం ఎలకలు కొట్టినా, పకోడీల పొట్లమైనా ఈ చట్టం కళ్లు తెరవదు. గుమస్తా దాన్ని ఫోనులో ఫొటో తీసి ఆడిటరుకు వాట్సాప్‌లో కొట్టాడనుకోండి, అప్పుడు లేచి కూచుంటుంది. మన గుమస్తాలు రోజుకు ఎన్నిసార్లు దాన్ని లేపి కూచోబెడుతున్నారో పాపం వాళ్లకే తెలియదు.

ఇక వేలిముద్ర. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

హాజరు మిషను మీ వేలి బొమ్మను బొమ్మగా దాచుకోదు. చర్మం మీది గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి అని చూసి, ఆ బిందువుల్ని అంకెలుగా మార్చి పెట్టుకుంటుంది. రేపు మీరు వేలు పెడితే కొత్త బిందువుల్ని పాత వాటితో సరిపోల్చుకుంటుంది. గీతలున్న వేళ్లకు ఇది బ్రహ్మాండమైన ఏర్పాటు. ఇప్పుడు పిక్కలు కొట్టే షెడ్డులోకి రండి. జీడిపిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అని చర్మాన్ని కొరికే పదార్థాలుంటాయి. ఆముదమో బూడిదో రాసుకుని కూచున్నా, ఏళ్ల తరబడి పిక్క కొట్టిన చేతివేళ్లు నల్లబడతాయి, పొరలూడతాయి, కొసలు నున్నగా అరిగిపోతాయి. రేషను మిషను దగ్గర ఒకసారి, బ్యాంకులో ఒకసారి, ఇక్కడ గేటు దగ్గర రోజూ ఆవిడ వేలు మార్చి వేలు పెడుతూనే ఉంటుంది. మిషను మాత్రం మళ్లీ ప్రయత్నించండి అంటూనే ఉంటుంది. వెనక లైను పెరుగుతుంది. ఆలస్యం ఆవిడ ఖాతాలో పడుతుంది.

కాబట్టి నా నమూనా ప్రకటనలో ఈ అంశం ఇలా రాశాను: ‘మీ వేలిముద్రను మీరు పని మానేసిన 30 రోజుల్లో చెరిపివేస్తాము. పనిలో ఉన్నంతకాలం మా జీడినూనె చెరిపివేస్తుంది.’ ఈ రెండో వాగ్దానాన్ని యాజమాన్యం ఇన్నేళ్లుగా క్రమం తప్పకుండా నెరవేరుస్తోందని సాక్ష్యం చెప్పడానికి నేను సిద్ధం.

మొదటి వాగ్దానానికి సాక్ష్యం దొరకడమే కష్టం. మనిషి మానేయగానే ఆఫీసు కంప్యూటర్‌లో పేరు కొట్టేస్తారు. గేటు మిషనులో ఉన్న నకలు దానంతటది పోదు. మిషను దగ్గరకెళ్లి ఆ మనిషి నంబరు తీసి విడిగా చెరపాలి, లేదా రెండింటికీ లంకె సరిగ్గా ఉండాలి. చెరిపారో లేదో తెలుసుకోవడం మహా తేలిక. మానేసిన మనిషిని పిలిచి వేలు పెట్టమనండి. ‘ధన్యవాదాలు’ అందంటే ఇంకా లోపలే ఉన్నట్టు. ఇక ఆ మిషనే పాడై మరమ్మతుకో, పాత సామాన్ల వాడికో పోతే, దాంతోపాటు ఏం పోతోందో రసీదులో రాయరు.

వేళ్లు పనిచేయడం లేదని ముఖం చూపించే మిషను పెట్టారనుకోండి, ఆవిడ కష్టం కొంత తగ్గుతుంది, నిజమే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: పాత వేలిముద్రల సంగతేంటి? అడిగితే మనవాళ్లు నవ్వుతారు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో బడిపంతుళ్లను సొంత ఫోన్లలో యాప్ వేసుకుని ముఖం చూపించి హాజరు వేసుకోమన్నప్పుడు, నా ఫోనులో మీ యాప్ ఎందుకు అని వాళ్లు గట్టిగానే అడిగారు. వాళ్లకు సంఘాలున్నాయి, మంత్రితో చర్చలున్నాయి. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషి అలా అడిగితే రేపు తూకం దగ్గర ఆవిడ తట్ట చివరికి జరుగుతుంది.

కెమెరాల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. దొంగతనం కోసమని గ్రేడింగు హాలులో పెడతారు. ఎన్నాళ్లుంచుతారంటే హార్డ్‌డిస్క్ ఎంత పెద్దదైతే అన్నాళ్లు. నిండాక పాతదాని మీద కొత్తది పడుతుంది. నియమం రాసింది యజమాని కాదు, డిస్కు అమ్మిన దుకాణంవాడు. చిత్రమేమిటంటే ఆవిడ మీద అనుమానం వచ్చిన రోజు రికార్డింగు ఎప్పుడూ ఉంటుంది. తూకంలో తేడా వచ్చిందని ఆవిడ అడిగిన రోజుది మాత్రం ‘ఓవర్‌రైట్’ అయిపోయి ఉంటుంది.

అసలు ఘోరం రక్తపరీక్ష. ఇది ఉద్దానం. ఇక్కడ మనిషిని కులం, ఊరు అడిగాక మూడో ప్రశ్నగా క్రియాటినిన్ ఎంత అని అడిగే పరిస్థితి వచ్చింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో, దాని మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయారని ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే ఊరికే కాదు. మామూలుగా 1.2 లోపు ఉండాల్సిన ఆ అంకె 1.9 అయిందని తెలిస్తే ఇక్కడ పెళ్లి సంబంధం ఆగుతుంది, అప్పు ఆగుతుంది, పని కూడా ఆగుతుంది.

ఒక తొక్క తీసే మనిషిని ఊహించుకుందాం. వారంలో రెండు రోజులు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఆసుపత్రి కాగితం చూపించింది. సూపర్‌వైజరు దాన్ని ఫొటో తీసి, సెలవు సంగతి చెప్పడానికి షిఫ్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతే. పేరు, వయసు, ఊరు, క్రియాటినిన్ 1.9. గ్రూపులో ఆరుగురున్నారు. ఆరు ఫోన్లలో ఫొటో దానంతటదే గ్యాలరీలోకి దిగింది. వాళ్లలో ఒకడు వచ్చే నెల టెక్కలిలో వేరే పనికి పోతాడు. ఫొటో కూడా వాడితో పోతుంది. తర్వాత సీజనులో ఆవిడ ఇంకో కార్ఖానా గేటు దగ్గర నిలబడితే, ‘నీకు ఒంట్లో బాగోదంట కదే అమ్మీ, ఎందుకొచ్చిన కష్టం’ అంటారు. జాలి రూపంలో వచ్చింది గనక దాన్ని వివక్ష అని ఎవరూ అనరు.

యజమానికి నిజంగా కావాల్సిందేమిటి? ఈ మనిషి రెండు రోజులు రానిది ఒంట్లో బాగోకేనా, ఆవిణ్ని బాయిలరు దగ్గర, బోర్మా దగ్గర వేడిలో పెట్టొచ్చా లేదా. ఈ రెండు ముక్కలు డాక్టరు చీటీ మీద రాసిస్తే చాలు. క్రియాటినిన్ అంకె యజమానికి ఏ పనికీ రాదు. పని ఇవ్వకుండా ఉండడానికి తప్ప.

2011 నాటి ఐటీ నియమాలు ఈ విషయంలో కొంత నయం. వేలిముద్రల్లాంటి బయోమెట్రిక్స్‌ను, ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన సమాచారమని వేరుగా గుర్తించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోమన్నాయి, అవసరానికి మించి ఉంచుకోవద్దన్నాయి. ఆ నియమాలు ఇవాళ్టికీ బతికే ఉన్నాయి, ఎవరూ పలకరించకపోయినా. కొత్త చట్టంలో సున్నితం అనే గదే లేదు. ఆవిడ ఫోను నంబరూ, ఆవిడ కిడ్నీ అంకే ఒకే అరలో. సమానత్వమంటే ఇదీ!

ఎన్నాళ్లు అనే ప్రశ్న దగ్గరకొస్తే, చట్టాల్లో జవాబులు లేకపోలేదు. వేతనాల రిజిస్టరు చివరి పద్దు నుంచి మూడేళ్లుంచమని పాత వేతన చెల్లింపు చట్టం చెప్పింది. ఈఎస్‌ఐ రిజిస్టరు ఐదేళ్లంది. కొత్త చట్టం ఎనిమిదో సెక్షన్ అయితే పని తీరాక, ఇంకే చట్టమూ ఉంచమనకపోతే, చెరిపేయమంటుంది. కాగితం మీద చక్కగానే ఉంది. షెడ్డులో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆవిడ మళ్లీ ఎన్నడూ చూడాలనుకోని కాగితాలు చిరంజీవులు. ఆధార్ జెరాక్సు, వేలిముద్ర, రక్తపరీక్ష ఫొటో. ఆవిడకు ముసలితనంలో కావాల్సినవి అల్పాయుష్కులు. ఏ ఏడాది చేరింది, ఎన్ని రోజులు పనిచేసింది, ఆవిడ పేరు మీద ఎంత కట్టారు.

పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, 58 ఏళ్లు నిండాలి. ఆ నాడు ఆవిడ వెళ్లి అడుగుతుంది. పీఎఫ్‌లో పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది, అక్షరం తేడా. పాత ఖాతాల్లో దిద్దాలంటే యజమాని కూడా ఔనని ఒప్పుకున్న ఉమ్మడి దరఖాస్తు పెట్టాలి. ఆ కార్ఖానా పేరు మారింది, లేదా మూతపడింది, లేదా ఆవిణ్ని పెట్టుకుంది కార్ఖానా కాదు మేస్త్రి అని తేలుతుంది. రిజిస్టర్లేవి బాబూ అంటే సిద్ధంగా జవాబుంది: ‘తిత్లీలో తడిసిపోనాయి అప్పా.’ 2018 అక్టోబరు 11న తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానంలో కొబ్బరినీ జీడితోటల్నీ కూకటివేళ్లతో పీకేసిన మాట వాస్తవమే. దానికి కార్ఖానాలో కూలీల సర్వీసు రిజిస్టర్లను ఏరి ఏరి తడిపి, బాకీల పుస్తకాన్ని పొడిగా వదిలేసే తెలివి కూడా ఉందని మాత్రం వాతావరణ శాఖ చెప్పలేదు.

చివరిగా ఫిర్యాదు. నా ప్రకటనలో ఆఖరి వాక్యం: ‘మీ వివరాలు బయటపడినట్లయితే ముందుగా మాకే ఫిర్యాదు చేయవలెను.’ ఇది నా వెటకారం కాదు. బోర్డు దగ్గరకు పోయే ముందు సంస్థలోనే మొర పెట్టుకోవాలని చట్టమే అంది. ఆ తర్వాత బోర్డు. అది డిజిటల్ కార్యాలయం, ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో. తప్పుడు ఫిర్యాదో పసలేని ఫిర్యాదో అని తేలితే ఫిర్యాదు చేసిన మనిషికే పదివేల దాకా జరిమానా వేయొచ్చు. కిలోకింత అని తొక్క తీసే మనిషికి పదివేలంటే ఎన్ని వారాల కూలో ఎవరి గేటు దగ్గరైనా అడిగి చూడండి.

ఇంతా చేసి గెలిచిందనుకుందాం. సమాచారాన్ని భద్రంగా ఉంచనందుకు యజమానికి 250 కోట్ల దాకా జరిమానా వేసే అధికారం బోర్డుకుంది. ఆ మాట చదివి మన షావుకార్లు గుండె పట్టుకుంటారు గానీ, అసలు గుండె పట్టుకోవాల్సింది ఆవిడ. ఇవాళ్టి ఐటీ చట్టం 43ఏ ప్రకారం, సున్నితమైన సమాచారాన్ని అజాగ్రత్తగా వదిలేసి నష్టం కలిగిస్తే, నష్టపోయిన మనిషికే పరిహారం ఇవ్వాలి. చిన్న ప్రొప్రయిటరీ కొట్టయినా సరే. అడగాల్సింది రాష్ట్ర ఐటీ కార్యదర్శి హోదాలోని అధికారిని. ఆ దారిలో జీడి కూలీలెవరూ నడిచిన జాడ నాకు తెలిసినంతలో లేదు, కానీ దారంటూ ఉంది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకొచ్చే రోజున 43ఏ రద్దయిపోతుంది, దాంతోపాటు ఆ 2011 నియమాలూ పోతాయి. కొత్త చట్టంలో జరిమానా మొత్తం భారత సంచిత నిధికి జమ. క్రియాటినిన్ ఆవిడది, పోయిన పని ఆవిడది, రశీదు మాత్రం ఢిల్లీ పేరు మీద. పేటలో ఎవరి పిక్కల బస్తా పోయినా పంచాయితీ పెట్టి సొంతదారుకు ఎంతో కొంత ఇప్పిస్తారు, పెద్దమనుషులు తినరు.